బ్యాంకు మేనేజరు ముందు సంఘం లెక్కలు: ఏ బొమ్మ గీయాలి, ఏది వద్దు

కొత్త లింకేజీ, అంటే కొత్త బ్యాంకు అప్పు కోసం వెళ్లేటప్పుడు ప్రతి మహిళా పొదుపు సంఘమూ పుస్తకాల సంచి మోసుకెళ్తుంది. మినిట్స్ పుస్తకం, క్యాష్ బుక్, పొదుపు అప్పుల లెడ్జరు, పది మంది పాసుపుస్తకాలు, బ్యాంకు పాసుపుస్తకం అన్నీ అందులో ఉంటాయి. మేనేజరు గారికి మన కోసం ఉండేది మహా అయితే పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో లెడ్జరు పేజీలు తిప్పుతూ కూర్చుంటే అడగాల్సినవి అడగలేరు, మనం చెప్పాల్సినవి చెప్పలేం. అందుకే ఈమధ్య చాలా సంఘాలు ఒక చార్టో, ఒక గ్రాఫో గీసుకుని వెళ్తున్నాయి. అయితే ఏ బొమ్మ పడితే ఆ బొమ్మ పనికిరాదు. కొన్ని బొమ్మలు మంచి సంఘాన్ని కూడా అనుమానంగా చూపిస్తాయి.

నేను వీవోఏగా, అంటే ఊళ్లోని సంఘాలన్నీ కలిసిన గ్రామ సంఘం తరఫున లెక్కలు చూసే కార్యకర్తగా, 14 సంఘాల పుస్తకాలు రాస్తాను. వాటిలో ఒక సంఘం లెక్కనే తీసుకుని నాలుగైదు రకాల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఎవరిదో గుర్తుపట్టకుండా పేర్లు తీసేసి, అంకెలు కొంచెం గుండ్రంగా చేశాను.

ఆ సంఘంలో పది మంది. నెలకు తలా 200 పొదుపు. సంఘానికి 5 ఏళ్లు నిండాయి. రెండో లింకేజీలో 5 లక్షలు తీసుకుని తలా 50,000 పంచుకున్నారు. వడ్డీతో కలిపి ఒక్కొక్కరు నెలకు 1,650 కట్టాలి, అంటే సంఘం బ్యాంకుకి 16,500 కట్టాలి. మొత్తం 36 కిస్తీలు, మొన్న మార్చితో పూర్తయ్యాయి. ఇప్పుడు మూడో లింకేజీలో 8 లక్షలు అడగాలి. ఆఖరి 12 నెలల చరిత్రను మేనేజరుకి ఎలా చూపించాలన్నదే ప్రశ్న.

ఈ ఏడాది అంతా సాఫీగా నడవలేదు. సెప్టెంబరులో ముగ్గురు కిస్తీ కట్టలేకపోయారు. పత్తి ఇంకా చేతికి రాలేదు, కూలి పనులూ తగ్గాయి. అక్టోబరులో ఇంకో ఇద్దరు కట్టలేదు. పత్తి అమ్మాక డిసెంబరులో ఆ అయిదు కిస్తీలూ వచ్చేశాయి. మార్చిలో ఒకామె ఆసుపత్రి ఖర్చుల వల్ల కట్టలేదు. అది ఇంకా బాకీనే. ఆమె తరఫున సంఘం తన నిధిలోంచి బ్యాంకుకి కట్టేసింది.

బ్యాంకు అడిగేవి రెండు మాటలే

బొమ్మల జోలికి వెళ్లేముందు ఎదుటివాళ్లు ఏం తెలుసుకోవాలనుకుంటారో చూద్దాం. క్రమం తప్పని సమావేశాలు, పొదుపు, లోపలి అప్పులు, తిరిగి చెల్లింపు, పుస్తకాలు అంటూ పంచసూత్రాలు మనందరికీ నోటికి వచ్చు. బల్లకు అటువైపు కూర్చున్నవాళ్లకు మాత్రం ఇవి రెండు ప్రశ్నల కిందకు వస్తాయి. కిస్తీ రోజుకి డబ్బు వచ్చిందా? సంఘానికి సొంతంగా ఎంత ఉంది, అది ఎక్కడ ఉంది?

రెండో ప్రశ్న వెనుక ఒక లెక్క ఉంది. రిజర్వు బ్యాంకు మార్గదర్శకాల్లో మొదటి విడత అప్పుకి సంఘం మూలనిధికి 6 రెట్లు, రెండో విడతకి 8 రెట్లు అని ఉంటుంది. అంతకంటే నిర్ణయించిన కనీస మొత్తం ఎక్కువైతే ఆ మొత్తం ఇస్తారు. మూడో విడత నుంచి సూక్ష్మ రుణ ప్రణాళిక, పాత చెల్లింపు చరిత్ర ముఖ్యం. మూలనిధి అంటే పొదుపు ఒక్కటే కాదు. లోపలి అప్పుల మీద సంపాదించిన వడ్డీ, ప్రభుత్వం నుంచి వచ్చిన రివాల్వింగ్ ఫండ్ కూడా అందులోకే వస్తాయి. చాలా సంఘాలు పొదుపు అంకె ఒక్కటే చెప్పి ఊరుకుంటాయి. అలా తమను తాము తక్కువ చేసుకుంటాయి.

రెండు ప్రశ్నలకూ ఒకే బొమ్మ సరిపోదు. అందుకే విడివిడిగా చూద్దాం.

కిస్తీలకు: కడ్డీల గ్రాఫా, గడుల పట్టికా?

అందరూ మొదట గీసేది నెలనెలా వసూలు చూపే కడ్డీల గ్రాఫే. నేనూ అదే గీశాను. పన్నెండు నెలలకు పన్నెండు కడ్డీలు, 16,500 దగ్గర అడ్డంగా ఒక గీత. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు కడ్డీలు సరిగ్గా గీతను తాకాయి. సెప్టెంబరు కడ్డీ 11,550 దగ్గర ఆగింది, అక్టోబరుది 13,200 దగ్గర. నవంబరు మళ్లీ సమంగా ఉంది. డిసెంబరు కడ్డీ మాత్రం 24,750కి లేచింది.

ఫీల్డ్ ఆఫీసరు గారు సరిగ్గా ఆ డిసెంబరు కడ్డీ మీదే వేలు పెట్టారు.

“ఏంటమ్మా, ఈ నెల ఇంత వచ్చింది? ఎక్కడన్నా బయట తెచ్చి కట్టారా?”

అధ్యక్షురాలు నా వైపు చూసింది. “లేదు సార్, పాత బాకీలు వచ్చినయ్” అంది. ఎవరివి, ఏ నెలవి అని ఆయన అడిగితే మళ్లీ లెడ్జరు తెరవాల్సి వచ్చింది. ఏ లెడ్జరు తెరవకుండా ఉండాలని బొమ్మ గీశామో అదే తెరిచాం. తప్పు ఆయనది కాదు, అధ్యక్షురాలిదీ కాదు. కడ్డీల గ్రాఫు ఆ నెలలో ఎంత డబ్బు వచ్చిందో చెబుతుంది. ఆ డబ్బు ఏ నెల కిస్తీకి చెందిందో చెప్పలేదు. ఆలస్యంగా వచ్చిన మంచి డబ్బు కూడా అందులో అనుమానంగా కనపడుతుంది.

కొందరు దీన్ని తప్పించుకోవడానికి నెలనెలా కూడుకుంటూ పోయే గీత గీస్తారు. ఏడాది చివరికి కట్టాల్సింది 1,98,000, వచ్చింది 1,96,350. రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి. చూడటానికి బాగుంటుంది, సెప్టెంబరు నుంచి నవంబరు వరకు చిన్న సందు తప్ప ఏమీ కనపడదు. ఇబ్బంది కూడా అక్కడే. బ్యాంకు కంప్యూటరులో మన అప్పు ఖాతా ముందే తెరిచి ఉంటుంది, ఆలస్యమైన తేదీ అందులో ఉంటుంది. మనం చూపించని దాన్ని వాళ్లంతట వాళ్లు చూస్తే మిగతా కాగితం మీద కూడా నమ్మకం పోతుంది. ఈ గీతను నేను ఎవరికీ సిఫారసు చేయను.

మూడో దారి గడుల పట్టిక. ఎడమవైపు 1 నుంచి 10 వరకు సభ్యుల నంబర్లు, పైన ఏప్రిల్ నుంచి మార్చి వరకు నెలలు. మొత్తం 120 గడులు. ఒక్కో గడి ఒక్కో కిస్తీ. గడువు రోజుకి కట్టితే గడి నిండుగా నింపాలి. ఆలస్యంగా కట్టితే గడిని సగం ఐమూలగా నింపి, మిగతా సగంలో కట్టిన తేదీ రాయాలి. కట్టకపోతే గడి ఖాళీగా వదిలేయాలి. మన సంఘానికి ఇలా గీస్తే 114 నిండు గడులు, 5 సగం గడులు, 1 ఖాళీ గడి వచ్చాయి. నూటికి 95 కిస్తీలు గడువు రోజుకి వచ్చాయి, 120లో 119 చివరికి వచ్చాయి.

అదే డబ్బు, అదే ఏడాది. కానీ ఇక్కడ డిసెంబరు కొండలా లేవదు. ఆ అయిదు కిస్తీలూ తమ సొంత నెలల గడుల్లోనే ఉంటాయి, లోపల డిసెంబరు తేదీతో. సెప్టెంబరు అక్టోబరు వరుసల్లో సగం గడులు గుంపుగా కనపడగానే ఇది ఒకళ్లిద్దరు ఎగ్గొట్టే వ్యవహారం కాదు, కాలం వల్ల వచ్చిన ఇబ్బంది అని చూసేవాళ్లకే అర్థమవుతుంది. ఒకే సభ్యురాలి అడ్డ వరుసలో నాలుగైదు సగం గడులు వరసగా ఉంటే అది వేరే కథ. అది కూడా ఈ పట్టిక దాచదు.

పట్టిక కింద ఇంకో వరుస తప్పకుండా ఉండాలి: బ్యాంకులో జమ అయిన తేదీ. మా సమావేశం ప్రతి నెలా 5న, బ్యాంకు కిస్తీ 10న. పన్నెండు గడుల్లో పదకొండింటిలో 10 లేదా అంతకంటే ముందు తేదీ ఉంది. అక్టోబరు గడిలో మాత్రం 19. సెప్టెంబరులో తగ్గిన 4,950 రూపాయలను సంఘం ఖాతాలో ఉన్న పొదుపు నుంచి సర్దారు. అక్టోబరుకి ఆ వెసులుబాటు లేకపోయింది, అందుకే 9 రోజులు ఆలస్యం. ఇది పట్టిక కింద ఒక వాక్యంగా రాసేశాం. కిస్తీ గడువు దాటి 90 రోజులు మించితేనే అప్పు మొండి బాకీ లెక్కలోకి వెళ్తుంది, కాబట్టి 9 రోజులు అంత భయపడాల్సిన విషయం కాదు. మనం ముందే రాసి పెడితే ఆ ప్రశ్న ఒక నిమిషంలో తేలిపోతుంది.

ఈ వరుస నింపేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. క్యాష్ బుక్‌లో వసూలైన తేదీ 5 అని ఉంటుంది, అదే రాసేస్తారు. డబ్బు బ్యాంకుకి వెళ్లింది 12న అయితే వాళ్లకు కనపడేది 12. కాబట్టి పట్టిక మొదలుపెట్టే ముందు అప్పు ఖాతా పాసుపుస్తకానికి ఎంట్రీలు వేయించుకుని, తేదీలు దాన్నుంచే ఎత్తాలి.

పట్టికకి ఒక లోపం ఉంది. ఎవరైనా 1,650కి బదులు 1,000 కట్టితే దాన్ని ఏ గడి అనాలి? నేనైతే గడి ఖాళీగానే ఉంచి అందులో ఇంకా రావాల్సిన 650 రాస్తాను. ఏడాదిలో ఇలాంటివి మూడు నాలుగు ఉంటే పర్వాలేదు. మొత్తం గడుల్లో సగం ఇలాగే ఉండే సంఘానికి ఈ బొమ్మ గజిబిజి అవుతుంది. వాళ్లకి ఒక్కో సభ్యురాలికి కట్టాల్సింది, కట్టింది, బాకీ అని మూడు గళ్ల మామూలు పట్టికే మేలు.

ఇంకో షరతు. ఇదంతా నెలవారీ కిస్తీలున్న టర్మ్ లోనుకే. మీ సంఘానిది సీసీఎల్ అయితే, అంటే పరిమితి లోపల తీస్తూ కడుతూ ఉండే క్యాష్ క్రెడిట్ అయితే, బ్యాంకు చూసేది వేరు. బాకీ పరిమితి దాటిందా, ఖాతాలో జమలు వడ్డీకి సరిపడా పడుతున్నాయా అని చూస్తారు. అప్పుడు సభ్యుల గడులు అలాగే ఉంచి, కింది వరుసలో ఆ నెల జమ, ఆ నెల తీసినది, నెలాఖరు బాకీ రాసుకోవాలి.

పేర్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పట్టికలో పేర్లు రాయొద్దు, లెడ్జరులోని సభ్యురాలి నంబరు రాయండి. ఖాళీ గడి ఎదురుగా ఒకామె పేరు కనపడితే ఆమె బ్యాంకుకి రావడమే మానేస్తుంది. మేనేజరు గారికి పేరు కావాలంటే లెడ్జరు ఉండనే ఉంది.

పొదుపుకి: నెలవారీ గ్రాఫు దండగ

పొదుపు క్రమంగా ఉన్న సంఘానికి నెలవారీ కడ్డీలు గీస్తే ఏం వస్తుంది? నెలకు 2,000 చొప్పున పన్నెండు సమానమైన కడ్డీలు. దువ్వెనలా ఉంటుంది. దానికి ఒక కాగితం ఎందుకు? “12 నెలలు, పది మంది, ఒక్క పొదుపు కూడా ఆగలేదు” అని ఒక వాక్యం రాస్తే చాలు. మా సంఘంలో సెప్టెంబరులో కిస్తీ కట్టలేని ముగ్గురు కూడా పొదుపు 200 మాత్రం కట్టారు. ఆ మాట పట్టిక కింద విడిగా రాశాం, ఎందుకంటే అది వాళ్లు సమావేశానికి వచ్చారని కూడా చెబుతుంది.

బొమ్మ గీయాల్సింది మూలనిధికి. ఇక్కడ చాలామంది గుండ్రటి చక్రం గీస్తారు. కంప్యూటరులో ఒక్క నొక్కుతో వస్తుంది, రంగురంగులుగా ఉంటుంది. కానీ మా సంఘం డబ్బులో 92 శాతం లోపలి అప్పుల్లోనే ఉంది. చక్రం గీస్తే ఒకే రంగు, అంచున రెండు మూడు పీలికలు. అందులోంచి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు.

దానికంటే రెండు నిలువు స్తంభాలు పక్కపక్కన పెట్టడం ఎంతో మేలు. ఎడమ స్తంభం డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది, కుడిది ఇప్పుడు ఎక్కడ ఉందో చెబుతుంది. మా లెక్క ఇదీ.

ఎడమ స్తంభం: 60 నెలల పొదుపు 1,20,000. లోపలి అప్పుల మీద వడ్డీ 31,400. రివాల్వింగ్ ఫండ్ 15,000. మొత్తం 1,66,400.

కుడి స్తంభం: సభ్యుల దగ్గర లోపలి అప్పులు 1,53,000. పొదుపు ఖాతాలో 10,500. మార్చి కిస్తీ బాకీ 1,650. చేతిలో నగదు 1,250. మొత్తం 1,66,400.

గీయడానికి పదివేలకి ఒక సెంటీమీటరు కొలత పెట్టుకోండి. స్తంభం 16.6 సెంటీమీటర్లు వస్తుంది, ఏ4 కాగితం మీద హాయిగా సరిపోతుంది. పొదుపు 12 సెంటీమీటర్లు, వడ్డీ 3.1, రివాల్వింగ్ ఫండ్ 1.5. కుడివైపు బాకీ, నగదు రెండూ కలిపితే 3 మిల్లీమీటర్లు కూడా ఉండవు, విడివిడిగా గీయలేం. ఆ రెంటినీ ఒకే సన్న గీతగా గీసి పక్కన అంకెలు రాయడమే.

ఈ బొమ్మలో నాకు నచ్చింది దాని అందం కాదు. రెండు స్తంభాలూ ఒకే ఎత్తుకి రావాలి. రాకపోతే పుస్తకాల్లో ఎక్కడో తేడా ఉన్నట్టు. మొదటిసారి గీసినప్పుడు మా కుడి స్తంభం 6 మిల్లీమీటర్లు పొట్టిగా వచ్చింది. అంటే 6,000 రూపాయలు. స్కేలు జారిందేమో అని మళ్లీ కొలిచాను. కాదు. రెండు గంటలు వెతికితే దొరికింది. ఒక సమావేశంలో ఇచ్చిన లోపలి అప్పు మినిట్స్‌లో ఉంది, క్యాష్ బుక్‌లోనూ ఉంది, సభ్యురాలి లెడ్జరులోకి మాత్రం ఎక్కించలేదు. రాసింది నేనే, మరిచిపోయిందీ నేనే. చక్రం గీసి ఉంటే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు, ఎందుకంటే చక్రం ఏ అంకెలు ఇచ్చినా నిండుగానే ఉంటుంది.

మేనేజర్లు తరచూ అడిగే ఇంకో ప్రశ్నకి కూడా ఈ స్తంభమే జవాబు. “ఐదేళ్ల సంఘం, ఖాతాలో పదివేలేనా?” పాసుపుస్తకం ఒక్కటే చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కుడి స్తంభం చూపిస్తే డబ్బు సభ్యుల మధ్య తిరుగుతోందని తెలుస్తుంది. పొదుపు ఖాతాలో డబ్బు ఊరికే ఉంచితేనే కొత్త అప్పు ఇస్తామని ఎవరైనా అంటే ఒక విషయం మర్యాదగా గుర్తు చేయవచ్చు. 10 లక్షల వరకు సంఘాల అప్పుకి పూచీకత్తు గానీ మార్జిన్ గానీ అడగకూడదని, పొదుపు ఖాతాని అట్టిపెట్టుకోకూడదని, డిపాజిట్ కోసం పట్టుబట్టకూడదని రిజర్వు బ్యాంకు సూచనల్లోనే ఉంది.

ఒక జాగ్రత్త. గ్రామ సంఘంలో పెట్టిన వాటా ధనం, సంఘాల పరపతి సంస్థ స్త్రీనిధిలో కట్టిన పొదుపు ఉంటే కుడి స్తంభంలో వాటికి విడి ముక్క ఇవ్వండి. లోపలి అప్పుల్లో కలిపేస్తే రేపు తనిఖీలో విడదీయడం కష్టం. బ్యాంకు నుంచి తెచ్చి సభ్యులకు పంచిన అప్పుని మాత్రం ఈ స్తంభాల్లోకి అసలు రానివ్వొద్దు. అది సంఘం సొంతం కాదు.

చేత్తోనా, కంప్యూటరులోనా?

ఇది సంఘాన్ని బట్టి ఉంటుంది. బ్యాంకులో ప్రశ్నలు అడిగేది వీవోఏని కాదు, అధ్యక్షురాలిని, కార్యదర్శిని. నేను కంప్యూటరులో ఎంత చక్కగా చేసిచ్చినా, ఆ సగం గడి అంటే ఏంటని అడిగితే ఆమె చెప్పలేకపోతే ఆ కాగితం దండగ. మా అధ్యక్షురాలు 120 గడులూ తన చేత్తో నింపింది, నేను లెడ్జరు చదివాను. గంటన్నర పట్టింది. బ్యాంకులో ఆమె నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. అందుకే మొదటిసారి చేసేవాళ్లకు చేత్తో గీయమనే చెబుతాను.

పెద్ద చార్టు పేపరా, ఏ4 కాగితమా అన్నది సమావేశం ఎక్కడన్నదాన్ని బట్టి తేల్చుకోవచ్చు. మేనేజరు ఊరికి వచ్చి గ్రామ సంఘం ఆఫీసులో అందరితో కూర్చుంటే చార్టు. మనమే బ్రాంచికి వెళ్తే ఏ4. బ్రాంచి బల్ల మీద చార్టు విప్పే చోటు ఉండదు, పైగా వాళ్లు ఫైల్లో పెట్టుకోవడానికి ఒక ప్రతి అడుగుతారు. జిరాక్సులో రంగులు పోతాయని గుర్తుంచుకోండి. ఆకుపచ్చ, ఎరుపు రెండూ ఒకే బూడిద రంగులో వస్తాయి. నిండు గడి, సగం గడి, ఖాళీ గడి పద్ధతి పెట్టుకోవడానికి అసలు కారణం అదే.

ఎక్కువ సంఘాలు చూసేవాళ్లకి, లేదా రెండోసారి నుంచి, గూగుల్ షీట్స్ మంచిదే. ఫోన్లో కంటే కంప్యూటరులో గడులు నింపడం తేలిక. రోజుకి కట్టిన గడిలో 1, ఆలస్యమైతే 2, కట్టకపోతే 0 వేయండి. సభ్యులు రెండో వరుస నుంచి, నెలలు B నుంచి M వరకు ఉంటే, గడువు రోజుకి వచ్చిన కిస్తీల శాతం ఇలా వస్తుంది:

```
=COUNTIF(B2:M11,1)/COUNTA(B2:M11)
```

గడిని శాతం రూపంలోకి మారిస్తే మా సంఘానికి 95% చూపిస్తుంది. ఏ గడీ ఖాళీగా వదలొద్దు, కట్టనిదానికి 0 తప్పక వేయాలి. వదిలేస్తే ఆ కిస్తీ లెక్కలోకే రాదు, శాతం ఉన్నదానికంటే ఎక్కువగా కనపడుతుంది. గడుల రంగులు Format మెనూలో Conditional formatting దగ్గర పెట్టుకోవచ్చు, కానీ ప్రింటు తీసేముందు అంకెలు గడుల్లో కనపడుతున్నాయో లేదో చూసుకోండి. ఇక్కడా జిరాక్సు బాధ తప్పదు.

కంప్యూటరులో గ్రాఫు గీసేవాళ్లకి ఇంకో మాట. నిలువు గీత సున్నా నుంచి మొదలవుతోందో లేదో చూడండి. అది 1,50,000 నుంచి మొదలైతే చిన్న తేడా కూడా కొండంత కనపడుతుంది. ఆ తేడా మనకి అనుకూలంగా కనపడినా సరే, అలా వదలొద్దు.

చివరికి మా సంఘం బ్యాంకుకి పట్టుకెళ్లింది రెండే కాగితాలు. గడుల పట్టిక ఒకటి, రెండు స్తంభాల బొమ్మ ఒకటి. రెండింటి మీదా లెక్క ముగించిన తేదీ, అధ్యక్షురాలి, కార్యదర్శి సంతకాలు. బొమ్మలోని ప్రతి మొత్తం పక్కన అది ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో పెన్సిలుతో రాసుకున్నాం. మేనేజరు మేడం పట్టికని కాసేపు చూసి, ఆ ఒక్క ఖాళీ గడి మీద పెన్ను ఆనించి, “ఈ ఎనిమిదో నంబరు ఆవిడ ఎప్పుడు కడతారు?” అని అడిగారు. ఎనిమిదో నంబరు ఆవిడ అక్కడే, మూడో కుర్చీలో కూర్చుని ఉంది. ఎవరూ ఆమె వైపు చూడలేదు. “రెండు నెలల్లో మేడం, తీర్మానం కూడా రాసుకున్నాం” అని అధ్యక్షురాలు మినిట్స్ పుస్తకంలో ఆ పేజీ తీసి ముందు పెట్టింది.